చిల్లర్ మార్చాక ఆదా లెక్క: డిగ్రీ రోజుల బేస్‌లైన్ నాలుగు నెలల బిల్లుకు సరిపోతుందా?

వర్ధాతీరం (చంద్రపూర్)
జూన్ 9, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెయింటెనెన్స్ బాధ్యతలు చూస్తున్నాను. మా పాత వాటర్ కూల్డ్ చిల్లర్‌ను తీసేసి, ఒక ఇంధన సేవల కంపెనీ తన పెట్టుబడితో జనవరి చివరి వారంలో కొత్త వీఎఫ్‌డీ స్క్రూ చిల్లర్‌ను అమర్చింది. ఆదా అయిన ప్రతి యూనిట్‌కు 9 రూపాయలు లెక్కగట్టి, అందులో 70 శాతం కంపెనీకి చెల్లించాలని ఒప్పందంలో ఉంది. ఆదాను ఎలా కొలవాలన్న చోట మాత్రం ఐపీఎంవీపీ అనే ఆదా కొలత నియమావళిలోని ఆప్షన్ బి ప్రకారం, డిగ్రీ రోజుల రిగ్రెషన్‌తో అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు.

కొలత హద్దు ప్లాంట్ ప్యానెల్ సబ్‌మీటర్. కంప్రెసర్, చల్లనీటి పంపులు, కండెన్సర్ పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు అన్నీ దాని కిందే ఉన్నాయి, రీడింగ్ ప్రతిరోజూ ఉదయం ఎనిమిదింటికి లాగ్‌బుక్‌లో రాస్తాం. డిగ్రీ రోజులను వాతావరణ శాఖ చంద్రపూర్ కేంద్రం గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 18 డిగ్రీల ఆధారం కన్నా ఎంత ఎక్కువో రోజూ కూడి లెక్కించారు. బేస్‌లైన్‌గా తీసుకున్నది పాత చిల్లర్ నడిచిన చివరి సంవత్సరం, దాని అంకెలు ఇవి. మొదటిది డిగ్రీ రోజులు, రెండోది వేల యూనిట్లు.

```
జనవరి     110   50
ఫిబ్రవరి    180   52
మార్చి     340   69
ఏప్రిల్     450   84
మే        560   93
జూన్      420   92
జులై      310   86
ఆగస్టు     295   81
సెప్టెంబర్   300   82
అక్టోబర్    280   67
నవంబర్    180   58
డిసెంబర్     95   44
```

దీనిమీద కంపెనీ కట్టిన సమీకరణం ప్రకారం నెల వాడకం 38.87 వేల యూనిట్లు, దానికి తోడు ఒక్కో డిగ్రీ రోజుకు 111 యూనిట్లు. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి మే దాకా డిగ్రీ రోజులు మొత్తం 1,550 వచ్చాయి. పాత చిల్లరే ఉండి ఉంటే ఈ నాలుగు నెలల్లో 3,27,900 యూనిట్లు ఖర్చయ్యేవని, మీటర్‌లో తిరిగింది 2,11,000 మాత్రమేనని, కాబట్టి ఆదా 1,16,900 యూనిట్లని చెప్పి, తమ వాటాగా సుమారు 7.36 లక్షలకు మొదటి బిల్లు పంపారు. చిల్లర్ బాగానే నడుస్తోంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాడకంలో 36 శాతం తగ్గిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఈ లెక్కలో ఎక్కడ చూడాలో పెద్దలు చెప్పగలరు.

సిరొంచ శ్రీను (గడ్చిరోలి జిల్లా)
జూన్ 9, ఉదయం 11:05

చిల్లర్ సర్వీసు పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను. ఈ రిగ్రెషన్లు, డిగ్రీ రోజులు ఎందుకండీ? చల్లనీటి ప్రవాహాన్ని అల్ట్రాసోనిక్ మీటర్‌తో కొలిచి, లోపలికి వెళ్లే నీటికీ బయటికి వచ్చే నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా చూస్తే యంత్రం ఇచ్చే చల్లదనం టన్నుల్లో వస్తుంది. గంటకు ఘనపు మీటర్లను తేడాతో గుణించి 3.024తో భాగిస్తే సరి. కరెంటును ఆ టన్నులతో భాగిస్తే టన్నుకు ఎన్ని కిలోవాట్లో తెలుస్తుంది. పాతదానికి ఇంత, కొత్తదానికి ఇంత, తేడాను నడిచిన గంటలతో గుణించండి. ఎండ ఎక్కువా తక్కువా అన్న గొడవే ఉండదు.

వర్ధాతీరం
జూన్ 9, ఉదయం 11:40

శ్రీను గారూ, పాత చిల్లర్ ఇప్పుడు తుక్కు దుకాణానికి వెళ్లిపోయింది. దాన్ని తీసేముందు అలాంటి కొలత ఒకే ఒక్కసారి, మే నెలలో ఒక మధ్యాహ్నం తీసుకున్నారు. పంపులు, ఫ్యాన్లతో కలిపి టన్నుకు 1.25 కిలోవాట్లని ఆ కాగితంలో ఉంది.

కొలతమనిషి (నాందేడ్)
జూన్ 9, మధ్యాహ్నం 1:15

శ్రీను గారు చెప్పిన పద్ధతి మంచిదే, కానీ దాన్ని పాత యంత్రం ఉన్నప్పుడే అన్ని లోడ్ల దగ్గరా చేసి ఉంచుకోవాలి. మే మధ్యాహ్నం నిండు లోడ్‌లో వచ్చిన 1.25ను డిసెంబరు రాత్రి పావు లోడ్‌కు వర్తింపజేయలేం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత ప్లాంట్లలో పంపు పెద్దదై, నీటి ఉష్ణోగ్రత తేడా మూడు డిగ్రీలకు మించదు. రెండు థర్మామీటర్ల మధ్య 0.3 డిగ్రీల పొరపాటు ఉంటే టన్నులలో పది శాతం పోతుంది. థర్మామీటర్లను జంటగా సరిచూసి బిగించారా, లేక పైపు మీద టేపుతో అంటించారా అన్నది ముందు అడగాలి. ఇక్కడ ఏడాదంతా మీటర్ రీడింగులు ఉన్నాయి కనుక రిగ్రెషన్ దారే సరైనది.

వర్ధాతీరం గారూ, సమీకరణం చెప్పిన విలువను ఆయా నెలల అసలు వాడకంలోంచి తీసేస్తే మిగిలే తేడాలను కంపెనీ మీకు చూపించిందా? చూపించకపోతే మీరే పన్నెండు నెలలకూ వేసి ఇక్కడ పెట్టండి. మిగతా సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

పొదుపు భాగస్వామి (నాగపూర్)
జూన్ 9, మధ్యాహ్నం 3:30

నేను వేరొక ఇంధన సేవల కంపెనీలో పనిచేస్తున్నాను, ఈ ఒప్పందంతో నాకు సంబంధం లేదు. మీరిచ్చిన అంకెలు వేసి చూశాను. మోడల్ ఎంత బాగా అతికిందో చెప్పే ఆర్-స్క్వేర్ 0.81, సగటు వాడకంలో మోడల్ పొరపాటు ఎంతో చెప్పే సీవీ-ఆర్‌ఎంఎస్‌ఈ 11 శాతం వచ్చాయి. మా రంగంలో ఆర్-స్క్వేర్ 0.75 దాటితే, సీవీ 20 శాతంలోపు ఉంటే మోడల్ ఆమోదయోగ్యమని చూస్తారు. ఆదా కూడా మోడల్ పొరపాటుతో పోలిస్తే చాలా పెద్దది. ఈ పరీక్షలన్నీ దాటిన మోడల్‌ను బిల్లు వచ్చాక అనుమానించడం ఆసుపత్రికి న్యాయం కాదేమో. ఒకటి ఒప్పుకుంటాను, 18 డిగ్రీలు ఈ భవనానికి సరైన ఆధారం కాకపోవచ్చు. 15 నుంచి 24 దాకా మార్చి చూసి, పొరపాటు అన్నింటికన్నా తక్కువ వచ్చేదాన్ని తీసుకోండి.

పద్దుపుస్తకం (బల్లార్‌పూర్)
జూన్ 9, సాయంత్రం 6:10

అకౌంట్స్ మనిషిగా అడుగుతున్నాను. ఆసుపత్రి మొత్తం కరెంటు బిల్లు ముందు ఎంత, తర్వాత ఎంత అని చూసుకుంటే సరిపోదా? చివరికి కట్టేది ఆ బిల్లే కదా. అందులో తగ్గిందే ఆదా అని సంతకం పెట్టించుకోవచ్చు.

కొలతమనిషి
జూన్ 9, రాత్రి 8:45

పద్దుపుస్తకం గారూ, మహారాష్ట్రలో హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్‌లో, అంటే పవర్ ఫ్యాక్టర్ ప్రభావం కూడా కలిసిన యూనిట్లలో వస్తుంది. కెపాసిటర్ ప్యానెల్ బాగుచేయించినా బిల్లు తగ్గుతుంది, ఆ పుణ్యమంతా చిల్లర్ ఖాతాలో పడిపోతుంది. అదే నెలలో కొత్త స్కానింగ్ యంత్రం వస్తే చిల్లర్ చేసిన ఆదా కనిపించకుండా పోతుంది. హద్దును ప్లాంట్ ప్యానెల్ దగ్గర గీశారు, అది సరైన చోటే.

ఆధార ఉష్ణోగ్రత గురించి ఒక మాట. చంద్రపూర్‌లో రోజు సగటు 18 కన్నా దిగే రోజులు ఏడాదికి చాలా తక్కువ. అన్ని రోజులూ ఆధారానికి పైనే ఉంటే, 18 బదులు 15 వేసినా ప్రతి రోజుకూ మూడు డిగ్రీలు కలుస్తాయి, అంతే. ఆ కలిసిందంతా సమీకరణంలోని స్థిర భాగంలో సర్దుకుంటుంది, గీత వాలు దాదాపు మారదు, తేడాలూ మారవు. 22, 24 దాకా వెళ్తే చలికాలపు నెలలు కొంచెం వంగుతాయి. కాబట్టి ఆధారం మార్చి చూడటం తప్పేమీ కాదు గానీ, ఇక్కడి రోగానికి అది మందు కాదని నా అనుమానం. తేడాలు వచ్చాక తేలుతుంది.

వర్ధాతీరం
జూన్ 10, ఉదయం 9:50

తేడాలు వేశాను. అసలు వాడకంలోంచి సమీకరణం విలువ తీసేస్తే, వేల యూనిట్లలో ఇలా వచ్చాయి.

```
జనవరి  -1.1   ఫిబ్రవరి  -6.9   మార్చి    -7.7
ఏప్రిల్  -4.9   మే       -8.2   జూన్     +6.4
జులై   +12.7  ఆగస్టు    +9.3   సెప్టెంబర్ +9.8
అక్టోబర్ -3.0   నవంబర్  -0.9   డిసెంబర్   -5.4
```

ఎండాకాలమంతా సమీకరణం ఎక్కువ చెబుతోంది, వానాకాలమంతా తక్కువ చెబుతోంది. ఇందులో ఫిబ్రవరికి 28 రోజులే ఉండటం కూడా కొంత కలిసి ఉండవచ్చు.

కొలతమనిషి
జూన్ 10, ఉదయం 11:30

ఫిబ్రవరి సంగతి మీరన్నది నిజమే. నెల మొత్తానికి బదులు రోజు సగటు వాడకం, రోజు సగటు డిగ్రీలు వాడితే ఆ చిక్కు పోతుంది, ప్రణాళికలో అలాగే రాయించండి. కానీ అసలు విషయం మీరే చూశారు. మంచి మోడల్ తేడాలు పైకీ కిందికీ చెల్లాచెదురుగా పడాలి. ఇక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగూ మైనస్, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగూ ప్లస్. అంటే వాడకాన్ని నడిపే కారణం ఒకటి సమీకరణానికి బయటే ఉండిపోయింది.

ఆ కారణం తేమ. మే నెలలో చంద్రపూర్‌లో 44 డిగ్రీల ఎండ కాసినా గాలి పొడిగా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లకూ ఐసీయూకూ బయటి గాలిని లోపలికి తీసుకుంటారు కదా, ఆ గాలిని చల్లబరిస్తే చాలు, నీరు తీయాల్సిన పని పెద్దగా ఉండదు. జులైలో బయట 28 డిగ్రీలే ఉన్నా గాలి నీటితో నిండి ఉంటుంది, దాన్ని గాలిని చల్లబరిచే ఏహెచ్‌యూ యంత్రపు కాయిల్ మీద నీరుగా కార్పించాలి. డ్రెయిన్ పైపు మేలో పొడిగా, జులైలో ధారగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ నీటిని తీయడానికి పట్టే పని థర్మామీటర్‌లో కనిపించదు. పైగా మీది వాటర్ కూల్డ్ చిల్లర్. పొడి గాలిలో కూలింగ్ టవర్ నీరు బాగా చల్లబడుతుంది, కంప్రెసర్‌కు పని తేలిక. వానాకాలంలో వెట్ బల్బ్ ఎక్కువ, కండెన్సర్ నీరు వేడి, అదే టన్నుకు ఎక్కువ కరెంటు. రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. డిగ్రీ రోజులకు ఇవేవీ తెలియవు. దానికి 310 డిగ్రీ రోజుల జులై, 340 డిగ్రీ రోజుల మార్చి దాదాపు ఒకటే. మీ మీటర్‌కు మాత్రం ఒకటి 86 వేలు, ఇంకొకటి 69 వేలు.

ఇక పొదుపు భాగస్వామి గారి పరీక్షల విషయం. ఆర్-స్క్వేర్, సీవీ ఏడాది మొత్తానికి ఒక్క అంకె ఇస్తాయి. తేడాలు ఏ నెలల్లో గుంపు కట్టాయో అవి చెప్పవు. రిగ్రెషన్‌లో తేడాల మొత్తం సున్నా అయ్యేలా గీత పడుతుంది కనుక, వాతావరణం అటూ ఇటుగా అలాగే ఉంటే పన్నెండు నెలల ఆదాకు ఈ మోడల్ పెద్ద ద్రోహం చేయదు. వేసవిలో ఎక్కువ చెప్పింది వానాకాలంలో తిరిగి ఇచ్చేస్తుంది. కానీ మీకు బిల్లు వచ్చింది ఫిబ్రవరి నుంచి మే వరకు మాత్రమే. పాత చిల్లర్ ఆ నాలుగు నెలల్లో నిజంగా వాడింది 2,98,000 యూనిట్లు, అదే నెలలకు సమీకరణం చెప్పేది 3,25,700. అంటే కొత్త చిల్లర్ తిరగకముందే 27,700 యూనిట్ల ఆదా కాగితం మీద తయారై ఉంది.

పొదుపు భాగస్వామి
జూన్ 10, మధ్యాహ్నం 12:40

తేడాల గుంపు నేను చూడలేదు, మీ వాదన అర్థమైంది. కానీ మీరే అన్నట్టు ఏడాది తిరిగేసరికి సమానమవుతుంది కదా. అప్పుడు ఇప్పటి బిల్లును తాత్కాలికంగా చెల్లించి, జనవరి చివరికి సర్దుబాటు చేసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

కొలతమనిషి
జూన్ 10, మధ్యాహ్నం 2:05

రెండు షరతుల మీద సమానమవుతుంది. వానలు బేస్‌లైన్ ఏడాదిలాగే పడాలి. రుతుపవనం రెండు వారాలు ఆలస్యమై జూన్ ఎండగా గడిచిపోతే ఈ మోడల్ ఆ రెండు వారాలనూ ఎక్కువగానే లెక్కిస్తుంది. రెండోది, ఒప్పందం ఏడాది నిండా కొనసాగాలి. మధ్యలో ఏదైనా తేడా వచ్చి సెప్టెంబరుకు ముందే తెగితే, వేసవి లాభం ఒక పక్షం జేబులోనే ఉండిపోతుంది. కాలాన్ని నమ్ముకోవడం కన్నా మోడల్‌ను సరిచేయడం తేలిక.

వర్ధాతీరం గారూ, వాతావరణ కేంద్రం ఉదయం 8:30కూ సాయంత్రం 5:30కూ తీసే పరిశీలనల్లో డ్యూ పాయింట్ కూడా ఉంటుంది. రెండింటి సగటు తీసుకొని, 15 డిగ్రీలకు పైన ఎంత ఉందో రోజూ కూడండి. వార్డులు, థియేటర్ల లోపలి గాలి 24 డిగ్రీల దగ్గర, 55 శాతం తేమతో ఉంటే దాని డ్యూ పాయింట్ సుమారు 14 నుంచి 15 మధ్య ఉంటుంది. బయటి గాలిది అంతకన్నా పైకి వెళ్లినప్పుడే తేమ భారం మొదలవుతుంది, అందుకే ఆ ఆధారం. దీన్ని తేమ డిగ్రీ రోజులు అందాం. స్ప్రెడ్‌షీట్‌లో బి నిలువు వరుసలో డిగ్రీ రోజులు, సిలో తేమ డిగ్రీ రోజులు, డిలో వేల యూనిట్లు పెట్టి ఇది వేయండి.

```
=LINEST(D2:D13,B2:C13,TRUE,TRUE)
```

ఫలితంలో గుణకాలు తలకిందుల క్రమంలో వస్తాయి, ముందు తేమది, తర్వాత ఉష్ణోగ్రతది, చివర స్థిర భాగం. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

బరంపురం కళ్యాణి (గంజాం జిల్లా)
జూన్ 10, సాయంత్రం 4:20

నేను బరంపురంలో ఒక వాణిజ్య భవనపు నిర్వహణ చూస్తున్నాను. మా దగ్గరా చిల్లర్ మార్చారు, మేమూ ఒక్క డిగ్రీ రోజులతోనే మోడల్ కట్టించాం. ఆర్-స్క్వేర్ 0.9 దాటింది, తేడాల్లో ఇలాంటి గుంపులేమీ కనిపించలేదు. గోపాలపూర్ కేంద్రం లెక్కలు వాడాం. కాబట్టి తేమ అన్నిచోట్లా అవసరమని నాకు అనిపించడం లేదు. మరీ ఎక్కువ చరరాశులు పెట్టి మోడల్‌ను బలవంతంగా అతికించడం కూడా తప్పే కదా, ఉన్నవి పన్నెండు బిందువులే.

కొలతమనిషి
జూన్ 10, సాయంత్రం 6:00

కళ్యాణి గారూ, మీ దగ్గర అది పనిచేయడానికి కారణం సముద్రం. తీరంలో ఏప్రిల్, మే నెలల్లోనే గాలి తేమగా ఉంటుంది. ఎండ పెరిగినప్పుడే తేమ కూడా పెరుగుతుంది, తగ్గినప్పుడు కలిసే తగ్గుతుంది. అందువల్ల డిగ్రీ రోజులే తేమ బరువు కూడా మోసేస్తాయి. చంద్రపూర్, నాందేడ్, యవత్‌మాళ్ లాంటి లోతట్టు జిల్లాల్లో ఎండ శిఖరం మేలో ఉంటే తేమ శిఖరం ఆగస్టులో ఉంటుంది. రెండూ విడిపోయిన చోట ఒక్క చరరాశి చాలదు. మీ మోడల్‌ను మీ రాయగడ మిత్రులెవరైనా ఎత్తుకెళ్లి వాడుకుంటే మాత్రం ముందు తేడాలు చూడమనండి, కొండ దాటితే గాలి మారిపోతుంది.

పన్నెండు బిందువుల హెచ్చరిక సరైనదే. నేను కలిపింది ఒక్క చరరాశి. దానికి భౌతికమైన కారణం ఉంది, కనుక సమర్థించుకోగలను. రోగుల సంఖ్య, పండుగలు, ఓపీ రోజులు అన్నీ కలిపి ఆర్-స్క్వేర్‌ను 0.99కు తెచ్చినవాళ్లను చూశాను. మరుసటి ఏడాది అవి ఒక్కటీ నిలబడలేదు.

వర్ధాతీరం
జూన్ 11, రాత్రి 9:15

తేమ డిగ్రీ రోజులు జనవరి, ఫిబ్రవరి, డిసెంబరులో సున్నా, మార్చి 5, ఏప్రిల్ 15, మే 50, జూన్ 190, జులై 265, ఆగస్టు 270, సెప్టెంబరు 240, అక్టోబరు 125, నవంబరు 20 వచ్చాయి. కేంద్రం లెక్కల్లో కొన్ని రోజులు ఖాళీగా ఉంటే ముందు రోజు, తర్వాతి రోజుల సగటుతో నింపాను. కొత్త సమీకరణం ఇది.

```
kWh = 36290 + 98.3*CDD + 64.9*HDD_dew
```

ఆర్-స్క్వేర్ 0.98, సీవీ 3.9 శాతం. తేడాలు ఇప్పుడు గుంపులు కట్టడం లేదు. ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి మే దాకా తేమ డిగ్రీ రోజులు 70. దానితో పాత చిల్లర్ వాడకం 3,02,000, మీటర్ 2,11,000, ఆదా 91,000 యూనిట్లు. వాడకంలో 30 శాతం తగ్గినట్టు, ఇది నమ్మదగినట్టుగా ఉంది. కంపెనీ వాటా 7.36 లక్షల నుంచి 5.73 లక్షలకు వస్తోంది.

కొలతమనిషి
జూన్ 11, రాత్రి 10:00

లెక్క సరిగానే ఉంది. పేరు మాత్రం మార్చండి, హెచ్‌డీడీ అంటే తాపన డిగ్రీ రోజులని చదివేవాళ్లు పొరపడతారు. ఆదాకు పక్కనే అనిశ్చితి కూడా రాయించండి. నెలవారీ రిగ్రెషన్‌కు అలవాటైన సూత్రంతో, 90 శాతం నమ్మకంతో వేస్తే నాలుగు నెలలకు ఇది దాదాపు 14 వేల యూనిట్లు అటూ ఇటూ వస్తుంది. పాత ఒంటి చరరాశి మోడల్‌కు అదే సూత్రం సుమారు 39 వేలు ఇస్తుంది, అదైనా తేడాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే. గుంపులు కట్టిన చోట నిజమైన అనిశ్చితి అంతకన్నా ఎక్కువే.

పొదుపు భాగస్వామి
జూన్ 12, ఉదయం 9:30

మీ సమీకరణంతో నాకు గొడవ లేదు. అయితే రోజువారీ రీడింగులు ఉన్నాయని మొదటి పోస్టులోనే రాశారు. 365 బిందువులను వదిలేసి పన్నెండుతో ఎందుకు తంటాలు? రోజువారీ మోడల్‌లో ఎండ, తేమల ప్రభావం ఇంకా స్పష్టంగా విడిపోతుంది.

కొలతమనిషి
జూన్ 12, ఉదయం 10:50

నాకూ అదే ఇష్టం, కానీ రెండు అడ్డంకులున్నాయి. నిన్నటి వేడి గోడల్లో నిలిచి ఇవాళ్టి వాడకంలో కనిపిస్తుంది, అందువల్ల ఒక రోజు తేడా మరుసటి రోజు తేడాను పోలి ఉంటుంది, 365 బిందువులు నిజానికి 365 విడి సాక్ష్యాలు కావు. దాన్ని సరిచేయకుండా అనిశ్చితి లెక్కిస్తే అది అబద్ధపు చిన్న అంకె అవుతుంది. రెండోది, ఉదయం ఎనిమిదింటి రీడింగును ఒక్కోరోజు తొమ్మిదిన్నరకు రాస్తారు. నెల మొత్తంలో ఆ పొరపాటు కొట్టుకుపోతుంది, రోజులో పోదు. లాగ్‌బుక్‌లో సమయం రాసి ఉంటేనే ఆ దారికి వెళ్లండి.

వర్ధాతీరం
జూన్ 12, మధ్యాహ్నం 12:15

లాగ్‌బుక్‌లో సమయం రాయలేదు, ఇకనుంచి రాయిస్తాను.

కంపెనీ ప్రతినిధికి తేడాల పట్టిక చూపించాను. వాళ్లు వాదించలేదు, రెండు చరరాశుల సమీకరణాన్ని ఒప్పందానికి అనుబంధంగా చేర్చడానికి ఒప్పుకున్నారు. కానీ వెంటనే వేరొక కాగితం తీశారు. ఏప్రిల్ రెండో వారంలో మా కొత్త ఐసీయూ మొదలైంది, దాని ఏహెచ్‌యూ ఈ ప్లాంట్ మీదే నడుస్తోంది. పాత చిల్లర్ ఉండి ఉంటే అది కూడా మోసేది కనుక బేస్‌లైన్‌కు కలపాలని అడుగుతున్నారు. వాళ్ల లెక్క: 18 టన్నులు, 24 గంటలు, 30 రోజులు, టన్నుకు 1.25 కిలోవాట్లు, అంటే నెలకు 16,200 యూనిట్లు. ఇది కలిపితే మనం తగ్గించిన దాంట్లో చాలా భాగం తిరిగి వస్తుంది.

సిరొంచ శ్రీను
జూన్ 12, మధ్యాహ్నం 1:30

18 టన్నులంటే ఏహెచ్‌యూ మీద అంటించిన పలక మీది అంకె అయి ఉంటుంది. అది నిండు ఎండలో, నిండు రోగులతో, నిండు బయటి గాలితో లెక్కగట్టిన డిజైన్ లోడ్. రాత్రి మూడింటికి ఆ కాయిల్ మీద అంత ఎప్పుడూ ఉండదు. ఆ కాయిల్ వాల్వ్ ఎంత తెరుచుకుంటోందో వారం రోజులు గమనించండి, సగం దాటితే నన్నడగండి.

కొలతమనిషి
జూన్ 12, మధ్యాహ్నం 2:40

శ్రీను గారు సరిగ్గా పట్టుకున్నారు. అయితే అడుగుతున్నది న్యాయమైనదేనని కూడా చెప్పాలి. భవనంలో వచ్చిన మార్పుకు కంపెనీ నష్టపోకూడదు, సర్దుబాటు తప్పకుండా చేయాలి. ఎంత అన్నదే ప్రశ్న. ఐసీయూ ఏహెచ్‌యూకు వెళ్లే చల్లనీటి శాఖ మీద ప్రవాహ మీటరు, జంటగా సరిచూసిన రెండు థర్మామీటర్లు పెట్టి ఇప్పుడు రెండు వారాలు, వానలు కుదిరాక మరో రెండు వారాలు కొలవండి. దానితో అసలు టన్ను-గంటలు తెలుస్తాయి.

ఆ టన్ను-గంటలను పాత ప్లాంట్ సామర్థ్యంతోనే గుణించాలి, ఎందుకంటే మనం ఊహిస్తున్నది పాత ప్లాంట్ వాడకాన్ని. కానీ మన దగ్గరున్నది మే మధ్యాహ్నపు 1.25 ఒక్కటే. రాత్రులు, తేమ రోజుల్లో పాత చిల్లర్ టన్నుకు ఎంత వాడేదో ఇప్పుడు ఎవరూ కొలవలేరు. 1.25నే వాడి దాన్ని ఒప్పుకున్న అంకె అని రాసుకోవచ్చు. లేదా పాత చిల్లర్ తయారీదారు పార్ట్ లోడ్ పట్టిక దొరికితే అందులోంచి ఒక సగటు తీయవచ్చు, అప్పుడు యంత్రం వయసుకు ఎంత కలపాలన్న వాదన మొదలవుతుంది. నా మొగ్గు మొదటిదాని వైపే, కానీ ఇది లెక్క తేల్చేది కాదు, ఇద్దరూ కూర్చొని ఒప్పుకోవాల్సింది.

పొదుపు భాగస్వామి
జూన్ 12, సాయంత్రం 4:05

పార్ట్ లోడ్ పట్టికనే నేను ఎంచుకుంటాను. పాత యంత్రం తక్కువ లోడ్‌లో టన్నుకు 1.25 కన్నా ఎక్కువే తిని ఉంటుంది, ఆ తేడాను కంపెనీ ఎందుకు వదులుకోవాలి?

కొలతమనిషి
జూన్ 12, సాయంత్రం 5:20

తిని ఉండవచ్చు. అయితే ఐసీయూ చేరాక మొత్తం లోడ్ పెరిగి యంత్రం నిండు లోడ్‌కు దగ్గరగా నడుస్తుంది కదా, అప్పుడు అదనపు టన్ను చౌకగా వస్తుంది. సగటు సామర్థ్యం ఒకటి, అదనపు టన్ను సామర్థ్యం మరొకటి. ఇక్కడ కావలసింది రెండోది. పట్టిక తీసుకుంటే దాన్ని ఇలా చదవాలి.

వర్ధాతీరం
జూన్ 13, ఉదయం 10:10

ప్రవాహ మీటరు సోమవారం వస్తోంది. కంపెనీ వాళ్లు 91,000 యూనిట్ల మీద ఇప్పటికి చెల్లింపు తీసుకుంటామన్నారు, ఐసీయూ సర్దుబాటును సెప్టెంబరు బిల్లుతో కలిపి చూద్దామన్నారు. టన్నుకు ఎంత అన్నది ఇంకా ఒప్పుకోలేదు. శ్రీను గారూ, వాల్వ్ ఈ ఉదయం 35 శాతం దగ్గర ఉంది.

సిరొంచ శ్రీను
జూన్ 13, ఉదయం 10:45

నిన్న రాత్రి వాన పడిందా? పడితే ఆ 35 ఏ సంగతీ చెప్పదు, వాన లేని రోజుది, వాన పడిన రోజుది విడివిడిగా రాసి పెట్టండి.